సమీక్షకు వచ్చిన పత్రంలో వేరొకరి పత్రం కనిపిస్తే

2008 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ వారపత్రిక ‘కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్’ తిరుపతికి సంబంధించిన ఒక వార్తను ప్రచురించింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించే ఒక ఆచార్యుడి పేరుతో 2004 నుంచి 2007 మధ్య వచ్చిన డెబ్బైకి పైగా పరిశోధన పత్రాల్లో, ఇతరుల పత్రాల నుంచి ఎత్తి రాసినవో కల్పిత ఫలితాలో ఉన్నాయన్నది దాని సారాంశం. విశ్వవిద్యాలయం విచారణ జరిపి చర్యలు తీసుకుంది. జర్నళ్లు ఒక్కొక్కటిగా ఆ పత్రాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది.

ఈ ఉదంతంలో డెబ్బై కంటే ఎక్కువగా ఆలోచింపజేసే అంకె మరొకటుంది. ఆ పత్రాలు వెలువడినవి పాతిక జర్నళ్లలో. అంటే పాతిక సంపాదక వర్గాలు, ప్రతి పత్రానికీ ఇద్దరో ముగ్గురో సమీక్షకులు. వాళ్లలో ఎవరూ మొత్తం చిత్రాన్ని చూడలేదు. ఒక్కొక్కరికీ కనిపించింది ఒక్క పత్రమే. ఒక జర్నల్ కాదన్న రాతప్రతి మరో జర్నల్ తలుపు తట్టినా రెండో జర్నల్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. ఎక్కడో ఒక సమీక్షకుడికి పోలిక కనిపించినా, అతను ‘కొత్తదనం లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపేస్తే ఆ సమాచారం అక్కడితో ఆగిపోతుంది.

అందుకే, సమీక్షకు వచ్చిన పత్రంలో పెద్ద భాగం వేరొక ప్రచురిత పత్రంతో సరిపోలుతూ, ఆ మూలం ప్రస్తావన ఎక్కడా లేనప్పుడు, సమీక్షకులు ఏం చేయాలన్నది వ్యక్తిగత అభిరుచికి వదిలేసే విషయం కాదు. దానికొక పద్ధతి ఉంది. 1997లో బ్రిటన్‌లో కొందరు వైద్య జర్నళ్ల సంపాదకులు మొదలుపెట్టిన ‘కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్’, క్లుప్తంగా కోప్, ఈ పద్ధతిని దశలవారీగా రాసిపెట్టింది. ప్రపంచంలోని పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు దాన్నే అనుసరిస్తాయి. కాగితం మీద అది చాలా సులువుగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణలో పెట్టి చూస్తేనే చిక్కులు తెలుస్తాయి.

వరి ఆకులో టమాటా కాయ

నయా రాయపూర్‌లో ఒక సాంకేతిక విద్యాసంస్థ అధ్యాపకురాలికి సమీక్ష కోసం ఒక పత్రం వచ్చిందనుకుందాం. ఛత్తీస్‌గఢ్ వరి పండే రాష్ట్రం. పత్రం కూడా వరి ఆకు తెగుళ్ల గురించే. ఆకుల ఫొటోలు చూసి అగ్గి తెగులు, ఆకు ఎండు తెగులు, గోధుమ మచ్చ తెగులు, ఆరోగ్యకరమైన ఆకు అనే నాలుగు వర్గాలుగా కంప్యూటర్ విడదీస్తుంది. మొత్తం 4,320 ఫొటోలు. వాటిలో పదిహేను శాతం, అంటే 648 ఫొటోలను, చివరి పరీక్ష కోసం పక్కన పెట్టారు. వాటిలో 611 ఫొటోలను పద్ధతి సరిగ్గా గుర్తించింది. కచ్చితత్వం 94.29 శాతం.

చదువుతుంటే ఆమెకు రెండు చోట్ల అడుగు తడబడింది. ఫొటోలు ఎలా సేకరించారో చెప్పే చోట, కాయ మీద మచ్చలున్న ఫొటోలను తొలగించామని ఒక వాక్యం ఉంది. వరికి గింజే గానీ కాయ ఎక్కడిది? రెండోది, వ్యాసం మధ్యలో నలభై ఒకటో ఆధార గ్రంథాన్ని చూడమని ఉంది. చివర ఇచ్చిన జాబితా ముప్ఫై మూడుతోనే ముగిసింది. ఎత్తి రాసిన పత్రాలు బయటపడేది తరచుగా ఇలాంటి చోట్లే. పంట పేరు మార్చేటప్పుడు అన్ని వాక్యాలూ మారవు. జాబితా కుదించేటప్పుడు అంకెలన్నీ సరిచూసుకోరు. ఇంగ్లిషు ఒక పేరాలో గరుకుగా, పక్క పేరాలో నున్నగా ఉండటం మరో సూచన. కాకపోతే దాన్ని నమ్మడం కష్టం, ఎందుకంటే సహరచయితలు వేర్వేరు భాగాలు రాసినా అలాగే ఉంటుంది.

కాయ గురించిన ఆ వాక్యంలోంచి ఏడెనిమిది మాటలు తీసుకుని, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఆమె ఇంటర్నెట్‌లో వెతికింది. రెండేళ్ల కిందట అచ్చయిన పత్రం ఒకటి దొరికింది. రచయితలు వేరు, దేశం వేరు. అది టమాటా ఆకు తెగుళ్ల గురించి. రెండూ పక్కపక్కన పెడితే పద్ధతుల భాగంలోని తొమ్మిది పేరాల్లో ఏడు, పంట పేరు తప్ప, మాటకు మాట ఒకటే. ఆధారాల జాబితాలో ఆ పత్రం పేరే లేదు.

ఇక్కడ చాలామంది చూపు ఆ ఏడు పేరాల మీదే ఆగిపోతుంది. అసలు చూడవలసింది ఫలితాల పట్టికను. ఏ వర్గపు ఫొటోను పద్ధతి ఏ వర్గంగా గుర్తించిందో చూపే నాలుగు వరుసలు, నాలుగు నిలువు గడుల పట్టిక అది. రెండు పత్రాల్లోనూ ఆ పదహారు అంకెలూ ఒక్కటే. ఒక పరికరాన్ని వాడే తీరు వివరించే వాక్యాలు ఇద్దరు రాసినా కొంత పోలి ఉండొచ్చు. వేరే పంట మీద, వేరే తెగుళ్ల మీద, వేరే ఫొటోలతో చేసిన ప్రయోగంలో పదహారు అంకెలూ అచ్చు గుద్దినట్టు రావడం మాత్రం జరిగే పని కాదు. మొదటిది మాటల అరువు. రెండోది నిజమని తేలితే, వరి మీద ఆ ప్రయోగమే జరగలేదని అనుమానించాలి. ఆ పత్రాన్ని నమ్మి ఎవరైనా రైతుల కోసం ఫోన్ యాప్ తయారు చేస్తే, అగ్గి తెగులును అది ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె టమాటా చేలోంచి వచ్చినదై ఉంటుంది.

శాతం చెప్పేది, చెప్పనిది

మన దేశంలో ఈ మాట వస్తే వెంటనే శాతాల లెక్క మొదలవుతుంది. కారణం ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు పోలికను మెట్లుగా విడగొట్టాయి. పది శాతం దాకా చిన్న పోలికగా వదిలేస్తారు. పది నుంచి నలభై, నలభై నుంచి అరవై, అరవై పైన అనే మూడు స్థాయులకు పెరుగుతూ పోయే చర్యలున్నాయి. ప్రచురణ విషయంలో మొదటి స్థాయికి పత్రాన్ని వెనక్కి తీసుకోమంటారు. పై స్థాయుల్లో వార్షిక ఇంక్రిమెంట్ ఆపడం, కొన్నేళ్లు కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోనివ్వకపోవడం కూడా ఉంటాయి. ఆధారం చెప్పి ఉటంకించిన భాగాలను, గ్రంథసూచిని, ప్రామాణిక సమీకరణాలను లెక్కలోంచి తీసేయాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి.

అవి విద్యాసంస్థలు చర్య తీసుకోవడానికి పెట్టుకున్న కొలమానాలు. సమీక్షకురాలి ప్రశ్న వేరు. పోలికను వెతికే సాఫ్ట్‌వేర్ మాటల వరుసలను పోలుస్తుంది. పట్టికలోని అంకెలు బొమ్మగా పెట్టి ఉంటే అది చదవలేకపోవచ్చు. వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి రాస్తే తప్పిపోవచ్చు. పై ఉదాహరణలో ముందుమాట, చర్చ రచయితలు సొంతంగా రాసుకుని ఉంటే మొత్తం పోలిక ముప్ఫై శాతానికి అటూ ఇటూ తేలవచ్చు. అదే ముప్ఫై శాతం, ప్రామాణిక పద్ధతి వర్ణనల వల్లా అందరూ వాడే పదబంధాల వల్లా మరో పత్రంలోనూ రావచ్చు. రెండింటికీ అంకె ఒకటే. బరువు మాత్రం ఒకటి కాదు. ఎంత పోలిందన్న దానితో పాటు ఏది పోలిందన్నది చూడాలి. మూలం చెప్పకుండా పెద్ద భాగాలను, దత్తాంశాలను తమవిగా చూపడాన్ని కోప్ స్పష్టమైన చౌర్యంగా పరిగణిస్తుంది. చిన్న చిన్న పదబంధాలు మాత్రమే పోలి, దత్తాంశాలకు సంబంధం లేకపోతే, ముఖ్యంగా ఇంగ్లిషు మాతృభాష కాని రచయితల విషయంలో, దాన్ని చిన్న అతిక్రమణగా చూస్తుంది. అలాంటప్పుడు తిరగరాయమని, మూలాన్ని ఉటంకించమని అడిగితే సరిపోతుంది.

అనుమానానికి ముందు మూడు ప్రశ్నలు

ఎడిటర్‌కు రాసే ముందు ఆమె కొన్ని సంగతులు సరిచూసుకోవాలి. ఒకటి, రచయితలు ఒకరేనా? కంప్యూటర్ సైన్స్‌లో సదస్సులో చదివిన చిన్న పత్రాన్ని పెంచి జర్నల్‌కు పంపడం మామూలే. చాలా జర్నళ్లు దాన్ని ఒప్పుకుంటాయి, ముందే చెప్పాలన్నది షరతు. రచయిత తన సొంత సిద్ధాంత గ్రంథంలోంచో, ప్రిప్రింట్‌గా పెట్టిన తొలి ప్రతిలోంచో తీసుకున్నదైతే అది చౌర్యం కాకపోవచ్చు. చాలా జర్నళ్లలో సమీక్షకులకు రచయితల పేర్లు కనిపించవు కాబట్టి ఈ సంగతి తేల్చగలిగేది ఎడిటరే. సమీక్షకురాలు తనకు తెలియదని రాస్తే చాలు.

రెండోది తేదీలు. ముందు అచ్చయిన పత్రమే అసలుది అనిపించడం సహజం. అది ఎప్పుడూ నిజం కాదు. అమెరికా వైద్యుడు మైఖేల్ డాన్సింగర్, అతని సహచరులు తమ పత్రాన్ని ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’కు పంపితే అది తిరస్కరణకు గురైంది. కొన్నాళ్లకు అదే పరిశోధన వేరే పేర్లతో మరో జర్నల్‌లో అచ్చయి కనిపించింది. ఎత్తుకెళ్లింది ఆ రాతప్రతిని రహస్యంగా సమీక్షించిన వాళ్లలో ఒకరు. 2016లో ఆ దొంగ పత్రాన్ని ఉపసంహరించారు. ఆ మధ్య కాలంలో డాన్సింగర్ తన పత్రాన్ని ఇంకో జర్నల్‌కు పంపి ఉంటే, పోలిక చూసిన సమీక్షకుడికి దొంగగా తోచేది డాన్సింగరే. అందుకే రెండు పత్రాలు సరిపోలుతున్నాయన్నది సమీక్షకురాలు చూసిన వాస్తవం. ఎవరిలోంచి ఎవరు తీసుకున్నారన్నది ఆమె ఊహ. రాసేటప్పుడు ఈ రెంటినీ కలపకూడదు.

మూడోది ఆమె సొంత సంబంధం. పోలిన ప్రచురిత పత్రం ఆమెదో, ఆమె సహోద్యోగిదో అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. చెప్పడం వల్ల ఆమె చూపిన ఆధారాల విలువ తగ్గదు.

ఆమె చేయకూడనివి

రాతప్రతి ఆమె చేతికి వచ్చింది నమ్మకం మీద. అది ఇంకా ఎవరూ చూడని రచన. మంచి ఉద్దేశంతో చేసే పొరపాట్లు చాలావరకు ఈ సంగతి మరవడం వల్లే జరుగుతాయి.

మొదటిది, రాతప్రతి మొత్తాన్ని పోలికలు వెతికే ఏదో ఒక వెబ్‌సైటులోకి ఎక్కించడం. తమ సంస్థలో ఆ సౌకర్యం ఉచితంగా ఉంది కాబట్టి ఒక్కసారి చూసేద్దామనిపిస్తుంది. అలాంటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని, అందిన ఫైలును తమ నిల్వలో దాచుకునేలా అమర్చి ఉంటాయి. రేపు అదే రచయితలు తమ పత్రాన్ని పరీక్షించుకుంటే నూటికి నూరు శాతం పోలిక చూపించవచ్చు. రచయితలు నిర్దోషులైతే వాళ్లకు జరిగే నష్టం మామూలుది కాదు. ఆ పరీక్ష జర్నల్ చేయాల్సినది. క్రాస్‌రెఫ్ సంస్థ 2008 నుంచి ప్రచురణకర్తలకు ఈ సేవ అందిస్తోంది. ఏడెనిమిది మాటలు వెతకడానికీ, ఫైలు మొత్తం అప్పగించడానికీ తేడా ఇదే.

రెండోది, అసలు రచయితలకు రాయడం. తమ పని చోరీ అయిందని వాళ్లకు తెలియాలి కదా అనిపించడం న్యాయమే. కానీ రాసిన మరుక్షణం ఒక రహస్య రాతప్రతి ఉనికి బయటపడుతుంది, విచారణ మొదలవకముందే ఆరోపణ ఊరంతా తిరుగుతుంది. రాతప్రతి రచయితలకు నేరుగా రాయడం ఇంకా పెద్ద తప్పు. తన విద్యార్థులకో, పక్క గది సహోద్యోగికో చూపించడం కూడా ఈ కోవలోకే వస్తుంది. ఎడిటర్ అడిగితే తప్ప సమీక్షకులు సొంతంగా విచారణ సాగించవద్దని, అనుమానాన్ని గోప్యంగా ఉంచాలని కోప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మూడోది. మర్యాద కోసమో, తలనొప్పి ఎందుకనో, వేరే సాకుతో తిరస్కరించడం. తిరుపతి ఉదంతం లాంటివి ఏళ్ల తరబడి సాగడానికి అనువు ఇలాంటి మౌనంలోనే దొరుకుతుంది. సమీక్ష గడువు దాకా ఆగి నివేదిక చివర ఒక వాక్యం జోడించడం కూడా దాదాపు ఇంతే. మరో సమీక్షకుడు ఈలోపు ప్రచురించవచ్చని రాసేసి ఉండొచ్చు.

ఎడిటర్‌కు ఏం రాయాలి

పోలిక నికరంగా కనిపించిన రోజునో మర్నాడో ఆమె సమీక్ష ఆపి నేరుగా ఎడిటర్‌కు రాయాలి. సమీక్ష ఫారంలో సాధారణంగా రెండు పెట్టెలుంటాయి. ఒకదానిలో రాసింది రచయితలకు వెళుతుంది, మరొకటి ఎడిటర్ మాత్రమే చదివేది. ఈ విషయం రెండో దానిలోనే ఉండాలి. మొదటి పెట్టెలో చౌర్యం అనే మాట రాస్తే, ఎడిటర్ చూసుకోకుండా పంపితే, విచారణ లేకుండానే తీర్పు రచయితల చేతికి చేరినట్టవుతుంది.

ఉత్తరం ఇంగ్లిషులోనే వెళ్లినా, సారం ఇలా ఉంటే సరిపోతుంది: “నాకు పంపిన రాతప్రతిలోని పద్ధతుల భాగం, ఫలితాల పట్టిక, రెండేళ్ల కిందట వెలువడిన ఈ కింది పత్రంతో చాలా దగ్గరగా సరిపోలుతున్నాయి. తొమ్మిది పేరాల్లో ఏడు పంట పేరు తప్ప ఒకేలా ఉన్నాయి. పట్టికలోని పదహారు అంకెలూ ఒకటే. ఆ పత్రాన్ని రాతప్రతిలో ఎక్కడా ఉటంకించలేదు. రచయితల పేర్లు నాకు కనిపించవు కాబట్టి వీళ్లూ వాళ్లూ ఒకరేనో కాదో నాకు తెలియదు. రెండు పత్రాలతోనూ, వాటి రచయితలతోనూ నాకు తెలిసినంతలో సంబంధం లేదు. పోలికల పట్టికను జతచేస్తున్నాను. మీరు చెప్పేవరకు సమీక్ష ఆపి ఉంచుతాను.”

ఈ ఉత్తరంలో దొంగతనం అన్న మాట లేదు. అవసరం కూడా లేదు. బలమంతా జతచేసిన పట్టికలో ఉంది. ఆ పట్టిక తయారు చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ అదే అసలు పని. ఎడమవైపు రాతప్రతి పేజీ, వరుస సంఖ్యలు. కుడివైపు ప్రచురిత పత్రంలో అదే భాగం ఉన్న పేజీ, పేరా. మూడో గడిలో ఏది పోలింది అన్నది: మాటకు మాటా, కొద్ది మార్పులతోనా, అంకెలా, బొమ్మా. కాయ వాక్యం, నలభై ఒకటో ఆధారం లాంటి ఆనవాళ్లు విడిగా, చివర. ప్రచురిత పత్రం డీఓఐ సంఖ్య తప్పకుండా ఉండాలి. ఎడిటర్ చాలాసార్లు ఆ ఉపశాఖ నిపుణుడు కాడు. నలభై శాతం పోలిందన్న ఒక్క ముక్కతో అతను ఏమీ చేయలేడు. ఈ పట్టిక ఉంటే పది నిమిషాల్లో తన కళ్లతో తాను చూసుకోగలడు, రచయితలను వివరణ అడిగేటప్పుడు దాన్నే ముందు పెట్టగలడు.

ఉత్తరం వెళ్లాక

అక్కడి నుంచి పని ఎడిటర్‌ది. కోప్ పద్ధతి ప్రకారం ముందు సమీక్షకురాలికి కృతజ్ఞతలు చెప్పి, ఆధారాలు పూర్తిగా లేకపోతే అడిగి తీసుకుని, పోలిక ఎంతటిదో తాను స్వయంగా తేల్చుకోవాలి. స్పష్టమైనదైతే ఆధారాలతో సహా రచయితకు రాయాలి. జవాబు సంతృప్తికరంగా ఉంటే సరిదిద్దమంటారు. లేకపోతే పత్రాన్ని తిరస్కరించి, రచయిత పనిచేసే సంస్థకు తెలియజేసే విషయం ఆలోచిస్తారు. జవాబే రాకపోతే సహరచయితలను, ఆ తర్వాత సంస్థను సంప్రదిస్తారు. చివరకు ఏమైందో సమీక్షకురాలికి చెప్పాలని కూడా అందులో ఉంది. ఆచరణలో ఆ చివరి మెట్టు తరచుగా జారిపోతుంది. కొన్ని వారాలు చూసి ఒకసారి మర్యాదగా గుర్తుచేయడంలో తప్పు లేదు. అయినా పలకకపోతే ప్రధాన సంపాదకుడికి, తర్వాత ప్రచురణ సంస్థకు రాయవచ్చు. ఆ జర్నల్ కోప్ సభ్యురాలైతే, ఈ మెట్లన్నీ ఎక్కాక కోప్‌కు ఫిర్యాదు చేసే వీలూ ఉంది. అయితే కోప్ చూసేది జర్నల్ తన పద్ధతిని పాటించిందా లేదా అన్నదే. రచయిత దోషా కాదా అన్నది తేల్చేది సంస్థ.

సంస్థ వైపు ఏం జరుగుతుందో సమీక్షకురాలికి తెలియకపోవచ్చు. 2018 నిబంధనల ప్రకారం ముందు విభాగ స్థాయి కమిటీ, దానిపై సంస్థ స్థాయి కమిటీ చూడాలి. పట్టికలోని పదహారు అంకెల వెనుక అసలు ఫొటోలు ఉన్నాయా లేవా అని కంప్యూటర్ తెరిపించి చూడగలిగేది వాళ్లే. జర్నల్‌కు గానీ సమీక్షకురాలికి గానీ ఆ అధికారం లేదు.

కొన్ని నెలల తర్వాత అదే రాతప్రతి, ఈసారి కాయ వాక్యం తీసేసి, వేరే జర్నల్ నుంచి ఆమెకే సమీక్షకు రావచ్చు. ఒక చిన్న ఉపశాఖలో ఇది అరుదేమీ కాదు. అప్పుడు ఆమె ఈ రచనను ఇంతకుముందు మరో జర్నల్ కోసం చూశానని కొత్త ఎడిటర్‌కు చెప్పాలి. పాత నివేదికను యథాతథంగా పంపాలంటే మొదటి జర్నల్ అనుమతి కావాలి. ప్రచురిత పత్రంతో ఉన్న పోలికను మాత్రం కొత్త ప్రతి మీదే మళ్లీ మొదటి నుంచి చూసి, కొత్త పట్టిక చేసి ఇవ్వవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకవేళ ఆ రాతప్రతి ఆమెను దాటిపోయి ఎక్కడో అచ్చయితే పరిస్థితి మారుతుంది. ఇప్పుడు రెండూ అందరికీ కనిపించే పత్రాలే. వాటి మధ్య పోలికను ఏ పాఠకుడైనా చూపినట్టే, ఆ జర్నల్ ఎడిటర్‌కు ఆమె రాయవచ్చు. పాత సమీక్షలో చూసిన సంగతులు, అప్పటి ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం అందులో ఉండకూడదు.